చివరి వరుసలో ఎర్ర గీత

మా అన్నకు పసుపు ఉడికించే బాయిలర్ ఉండేది. ట్రాక్టర్‌కు తగిలించి ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పేవాడు. నేను మార్కెట్ యార్డులో ఓ కమీషన్ దుకాణంలో కంప్యూటర్ పని చేస్తాను. కంప్యూటర్ ముందు కూర్చునే చెల్లెలికి రాని విద్య లేదని ఆయన గట్టి నమ్మకం.

పోయిన సీజన్‌కు ముందు వాట్సాప్‌లో జాబితా పంపాడు. ఊరు, మొదలయ్యే తేదీ, ఎన్ని రోజుల పని.

"గోడకు అంటిచ్చేటట్టు గీతల పటం చేసియ్యవే చెల్లె. మా వంతు ఎప్పుడని రైతులు నా తల తింటున్రు."

చివరి వరుసలో "దవాఖాన, ఆపరేషన్" అని ఉంది. తేదీ లేదు. అన్నకు గొంతులో గడ్డ. ఆలస్యం చేయొద్దని డాక్టర్ అప్పటికే చెప్పాడు.

"దీనికి తేదీ ఏదన్నా?"

"పసుపు అయినంక పోత. తవ్విన పసుపు ఆగుతదా? నా గడ్డ ఎటు పోతది?"

నాకు ఒళ్లు మండింది. అయినా కంప్యూటర్‌లో గడుల షీట్ తెరిచాను. పై వరుసలో రోజుకో గడి పెట్టి, ఆ రోజు పని మొదలుకూ ముగింపుకూ నడుమ పడితే గడికి పసుపు రంగు వేయమని షరతు రాశాను. ఒక్క గడీ మారలేదు. మహానుభావుడు తేదీలన్నీ చుక్కలు పెట్టి రాశాడు. షీట్ వాటిని తేదీలనుకోక ఉత్త అక్షరాలుగా చూసింది. వాటిని అసలు తేదీలుగా మార్చగానే పసుపు గీతలు మెట్లుమెట్లుగా దిగాయి.

ఉన్నది ఒక్క బాయిలర్. అందుకే పై పని ముగిసిన మర్నాడే కింది పని మొదలయ్యేలా సూత్రం రాశాను. దవాఖాన వరుసకూ అదే రాయించాడు. దానికి మాత్రం ఎర్ర రంగు వేశాను, చూసైనా భయపడతాడని.

భయపడలేదు. "ధర్పల్లిల వాన కొట్టింది, జర మూడు రోజులు కలుపు" అని ఫోన్. కలిపితే కింది గీతలన్నీ కుడికి జరిగేవి, ఎర్రది కూడా. ఒకసారి కోపమొచ్చి సూత్రం చెరిపి అక్కడ దగ్గరి తేదీ కొట్టాను. ఎర్ర గీత ఎడమకు జరిగి, ఓ పసుపు గీతకు సరిగ్గా కిందికి వచ్చింది.

పటం చూసి నవ్వాడు. "గా రోజు డిచ్‌పల్లిల ఉంట గదనే! రైతుకు మాటిచ్చిన. మల్ల ఎప్పటిలెక్కనే పెట్టు."

పెట్టేదాకా వదల్లేదు. ఆఖరి ఊరి పసుపు ఉడికాక దవాఖానకు పోతే, ఇక కోయడానికి వీల్లేదన్నారు. వానాకాలం దాటలేదు మా అన్న.

ఇప్పుడు బాయిలర్ వదిన నడిపిస్తోంది. మొన్న దుకాణానికి వచ్చి పక్కన కూర్చుంటే పాత ఫైలే తెరిచి మొదటి ఊరికి కొత్త తేదీ కొట్టాను. గీతలన్నీ ఈ ఏటికి జరిగాయి. అడుగున ఎర్రది కూడా బుద్ధిగా వచ్చి నిలబడింది.

"ఈసారి గూడ ఆఖరికేనా?" అంది వదిన.

ఆ వరుస తీసేశాను. దాని మీద ఆధారపడ్డ పని షీట్‌లో మరొకటి లేదు కాబట్టి మిగతా గీతలు ఒక్కటీ కదల్లేదు. మేమిద్దరం మాత్రం దుకాణంలో అందరి ముందూ ఏడ్చాం.