నీలం గుడ్డ, ఆకుపచ్చ గాజులు

శ్రీకాకుళంలో మా బావ ఫోటో స్టూడియో వెనక గదిలో ఒక గోడ నిండా ఆకుపచ్చ గుడ్డ ఉండేది. పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాళ్ళం. బావ కెమెరా పట్టేవాడు, నేను కంప్యూటరు ముందు కూర్చుని మిక్సింగ్ చేసేవాణ్ణి. సీడీల రోజులవి. పెళ్ళికూతుర్ని ఆ గుడ్డ ముందు నిలబెట్టి తీస్తే, తర్వాత కంప్యూటరుకి "ఈ రంగు వద్దు" అని చెప్పి, గుడ్డ ఉన్న చోట మంచుకొండలనో పూలతోటనో పెట్టొచ్చు. దాన్ని మేము క్రోమా అనేవాళ్ళం.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ణి, తర్వాత చదివినదంతా గ్రంథాలయంలోనే. అక్కడ అడుగు అరలో సినిమా ఛాయాగ్రహణం గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అరవైల చివర, నేను పుట్టిన రోజుల్లో అచ్చయినది. అట్ట ఊడిపోయింది, కొన్ని పేజీలు చెదలు తినేశాయి. పక్కన నిఘంటువు పెట్టుకుని మూడు నెలలు చదివాను. నాకంటే ముందు దాన్ని ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు ఎవరూ లేరని వెనక అంటించిన చీటీ చూసి తెలుసుకుని, ఆ సంగతి చాలామందికి చెప్పుకున్నాను కూడా.

పుస్తకం చెప్పినట్టే గదిని సర్దాను. గుడ్డకి వేరే దీపాలు, మనిషికి వేరే దీపాలు. గుడ్డకి రెండు వైపుల నుంచి ఏటవాలుగా రెండు లైట్లు, వాటి ముందు ట్రేసింగ్ కాగితం. మనిషి గుడ్డకి ఆరడుగులైనా ముందు నిలబడాలి. దగ్గరగా నిలబడితే నీడ గుడ్డ మీద పడుతుంది, గుడ్డ పచ్చదనం మనిషి చెంపల మీద, భుజాల మీద పడుతుంది. కెమెరాలో వెలుతురు ఎక్కువైన చోట చారలు కనిపించే ఏర్పాటు ఒకటుంది. లెన్సు మెల్లగా తెరుస్తూ పోతే చారలు గుడ్డంతటా ఒక్కసారే రావాలి. ఒక మూల ముందు వచ్చి ఇంకో మూల తర్వాత వస్తే వెలుతురు సమంగా లేదన్నమాట. అలా లైట్లు జరిపి జరిపి చారలు ఒక్కసారి వచ్చేదాకా నేను బావని కెమెరా ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. "పెళ్ళికూతురికి ముసలితనం వచ్చీసేలా ఉన్నాదిరా" అనేవాడు.

మాఘమాసంలో ఒక ఆదివారం సముద్రం ఒడ్డు ఊరి నుంచి అత్తాకోడళ్ళు ఇద్దరు వచ్చారు. కోడలికి ఏడో నెల. ముందు రోజే సీమంతం చేశారు. రెండు చేతులకీ మణికట్టు నుంచి మోచేతి దగ్గరిదాకా ఆకుపచ్చ మట్టిగాజులు. మొగుడు గుజరాత్‌లో వేట బోట్ల మీద ఉన్నాడు, వేసవిలో వేట ఆపేదాకా రాడు. కిందటి కాన్పు నిలవలేదట. అందుకని ఈసారి కడుపుతో ఉన్న భార్యని శ్రీముఖలింగం తీసుకెళ్ళి స్వామి ముందు నిలబెడతానని వెళ్ళేముందు మొక్కుకున్నాడు. తను రాలేకపోయాడు. ఆమె వెళ్దామంటే వంశధార దాటాలి, కడుపుతో ఉన్న మనిషి నది దాటకూడదని వాళ్ళింట్లో పట్టింపు. శుక్రవారం వాళ్ళ ఊరి మనిషి ఒకడు గుజరాత్ వెళ్తున్నాడు. గుడి వెనకాల కనిపించేలా ఆమెను తీసి సీడీ ఇస్తే అతని చేతికి పంపుతారు.

ఇది మోసం కాదని ఆ పిల్లే ముందు చెప్పింది. స్టూడియోలో తీయించి పంపుతానని ఫోన్లో ఆయనకి చెప్పీసిందట. "ఆయనకి గుడి తెలుసును. నన్ను సూడాల. నిండుగా ఉన్నానో నేదో, అదే ఆయన బెంగ" అంది.

నేను గర్వంగా లైట్లు సర్దాను. చారలు ఒక్కసారి వచ్చాయి. ఎర్రచీర పసుపు అంచు, ఆకుపచ్చకి దూరం రంగులు, చాలా మంచిదనుకున్నాను. ఆమె దణ్ణం పెట్టింది, గాజులు సర్దుకుంది, కొంగు కప్పుకుంది. ఇరవై సెకన్లు తీశాం. అప్పుడే చూపిస్తానని ఇద్దరినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. అది నా తప్పు.

మీట నొక్కగానే గుడ్డ పోయి గుడి గోపురం వచ్చింది. గుడ్డతోపాటు గాజులూ పోయాయి. దణ్ణం పెట్టిన అరచేతులు గాలిలో తేలుతున్నాయి. మోచేతుల దాకా చెయ్యి, ఆ తర్వాత గుడి రాయి, ఆ తర్వాత వేళ్ళు.

కోడలు తన చేతుల్ని కొంగులోకి లాక్కుంది. అత్త నెమ్మదిగా లేచి తెరకీ కోడలికీ మధ్యలో నిలబడింది.

"ఇది ఆడికి పంపితే ఆడు బతుకుతాడేటి బాబూ?" అంది.

నేను గబగబా తెర ఆర్పేశాను. గాజులు కాసేపు తీసి ఇంకోసారి తీద్దామని బావ అన్నాడు. అత్త అతన్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. పురుడు పోసుకునేదాకా ఆ గాజులు తియ్యరు. పగిలితే పగలాలి తప్ప తియ్యకూడదు. అందులోనూ కిందటి కాన్పు అలా అయిన పిల్ల. అత్త చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. బుధవారంలోగా ఏదో ఒకటి చేస్తానని, వాళ్ళ ఊరు నేనే వస్తానని మాటిచ్చి పంపాను.

ఆ సాయంత్రమంతా తంటాలు పడ్డాను. కంప్యూటరు తీసెయ్యవలసిన ఆకుపచ్చ ఎంతవరకో చెప్పే అంకె ఒకటుంటుంది. దాన్ని తగ్గిస్తే గాజులు తిరిగొచ్చాయి, కానీ గుడ్డ కూడా మరకలు మరకలుగా వచ్చింది, జుట్టు చుట్టూ పచ్చటి అంచు వెలిగింది. పెంచితే అంచు పోయింది, గాజులూ పోయాయి. ఆ గాజుకి ఆ గుడ్డకి రంగు ఒకటే. పైగా గాజు కాబట్టి గుడ్డ నీడని కూడా తనలో పట్టుకుంది. చేతుల చుట్టూ గీత గీసి కాపాడదామంటే సెకనుకి పాతిక బొమ్మలు. ఇరవై సెకన్లకి ఐదు వందలు. చేతులేమో కదులుతూనే ఉన్నాయి.

"ఒరే, నీ పుస్తకంలో గాజుల గురించి రాయనేదేట్రా?" అన్నాడు బావ.

రాయలేదు. కానీ నీలం గురించి రాశారు. నిజానికి ఆ పుస్తకం నిండా నీలం గుడ్డే, ఆకుపచ్చ మాటే లేదు. సినిమా ఫిల్ముకి మనిషి చర్మం రంగు నుంచి నీలమే బాగా ఎడంగా ఉంటుందని అందులో ఉంది. మా వీడియో కెమెరాలకి ఆకుపచ్చ మీద చూపు ఎక్కువ గనక అందరూ ఆకుపచ్చ వాడుతున్నారు గాని, నీలం చెల్లదని ఎవరూ అనలేదు. ఆ పేజీలన్నీ పాతకాలపు సంగతని నేనే గబగబా తిప్పేశాను.

సోమవారం పొద్దున్నే టెంటు హౌసుకి వెళ్ళి పందిరికి పక్కన కట్టే నీలం గుడ్డ తెచ్చాను, మధ్యలో కుట్టు లేనిది ఏరి. గదిలో కట్టి చూస్తే మసిపట్టినట్టుంది. మా లైట్ల వెలుతురు పసుప్పచ్చ, అందులో నీలం తక్కువ. నీలం గుడ్డకి ఆ వెలుతురు చాలదు. కెమెరాలో గుడ్డంతా ఇసకలా గింజలు గింజలుగా కదులుతోంది. పగటి వెలుతురులో నీలం పుష్కలం. అంటే ఆరుబయట నీడలో తియ్యాలి. ఎలాగూ వాళ్ళ ఊరు వెళ్తానన్నాను.

మంగళవారం ఇస్త్రీ బండి దగ్గర గుడ్డ మడతలన్నీ తీయించి, కర్రకి చుట్టుకుని బస్సెక్కాం. ఇల్లు సముద్రానికి దగ్గర. పొద్దున పూట ఇంటి పడమటి వైపు నీడ. చూరు కింద కట్టి కెమెరాలో చూస్తే చారలు అడుగు నుంచి వస్తున్నాయి, పైన చూరు వెలుతురుని ఆపుతోంది. మూడడుగులు బయటికి, నీడ దాటకుండా, రెండు వెదుళ్ళు పాతాం. చారలు సమంగా వచ్చాయి. అంతలో గాలి వచ్చి గుడ్డ తెరచాపలా పొంగింది. పొంగిన చోట వెలుగు, లోతున్న చోట చీకటి.

బావ రాళ్ళు కడదామన్నాడు. అత్త ఆదివారం నుంచీ నాతో మాట్లాడలేదు. అప్పుడు మాత్రం లోపలికి వెళ్ళి పాత వల ఒకటి తెచ్చి దాని అడుగున ఉన్న సీసం గుళ్ళ తాడు విప్పింది. గుడ్డ కింది అంచు పొడవునా జానెడుకో గుండు వచ్చేలా తాడుని కుట్టేసింది. పక్కల్ని వెదుళ్ళకి, వల ఆరేసినట్టు, ఎడం ఎడంగా లాగి కట్టింది. గుడ్డ గోడలా నిలబడింది. నా పుస్తకంలో ఈ తాడు లేదు.

కోడల్ని గుడ్డకి ఎనిమిదడుగులు ముందు నిలబెట్టాం. తల్లో మల్లెలున్నాయి. తెల్లపూలకి నీలం అంటితే అంచులు పాడవుతాయని దూరం ఇంకాస్త పెంచాను. నేను ఎండలో నిలబడి థర్మోకోల్ అట్టతో వెలుగుని వెనక పక్కనుంచి ఆమె జుట్టు మీదికి, భుజం మీదికి మళ్ళించాను. కింద ఇసక తెల్లగా ఉండటంతో మొహానికి వెలుతురు దానంతటదే వచ్చింది. ఆమె దణ్ణం పెట్టింది. చేతులు దించి, గాజులు ఒకసారి కావాలనే గలగలలాడించింది.

ఆ రాత్రి కాదు, మర్నాడు పగలు, బావని కూడా దూరంగా పంపి ఒక్కణ్ణే కూర్చుని మీట నొక్కాను. ఆదివారం అందరి ముందు నొక్కిన మీట అదే. గుడ్డ పోయింది. చేతులున్నాయి. ప్రతి గాజూ ఉంది. జుట్టు చివర సన్నగా నీలం అంచు మిగిలితే ఆ ఒక్క చోట రంగు తగ్గించాను. మునుపు పెట్టిన గుడి బొమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినది, నీడలో నిలబడిన మనిషికి పొసగలేదు. మబ్బుపట్టిన రోజు తీసింది ఒకటి వెతికి పెట్టాను.

బుధవారం సాయంత్రం వాళ్ళ పక్కింటి టీవీలో వేసి చూపించాను. అత్త తెరకి దగ్గరగా వెళ్ళి కోడలి చేతుల్నే చూసింది, గుడిని చూడలేదు. రెండోసారి వెయ్యమంది. మూడోసారి కూడా.

"నా కోడలే" అంది. అంతే.

శుక్రవారం సీడీ వెళ్ళింది. తర్వాత పది రోజులకి అత్త చేపల తట్టతో బజారుకి వచ్చి, స్టూడియో గుమ్మంలో ఆగింది. కొడుకు ఫోన్ చేశాడట. బోటు మీద వాళ్ళందరూ చూశారట. నేను ఆత్రంగా అంచులు బాగున్నాయన్నాడా, గుడి నిజంలా ఉందన్నాడా అని అడిగాను.

"అవేటీ అననేదు బాబూ. గాజులు లెక్కెట్టుకున్నాడంట. ఇంకోటి అన్నాడు. ముఖలింగం కాడికి సముద్రం ఎప్పుడొచ్చినాదమ్మా అన్నాడు."

నేను లోపలికి వెళ్ళి కాపీ వేసుకుని ఈసారి చెవి పెట్టి విన్నాను. గాజుల గలగల వెనకాల, మొదట్నుంచి చివరిదాకా, మాఘమాసం అలలు. నాలుగు రోజులు కళ్ళతోనే పనిచేసి, చెవుల సంగతి మర్చిపోయాను. తీసేసి వేరే సీడీ పంపుతానని బయటికి వచ్చి అన్నాను.

ఆమె తట్ట నెత్తికెత్తుకుంటూ వద్దంది. అది తమ ఊరి ఒడ్డు చప్పుడని, దాని కోసమే వాడు రోజూ పడుకునే ముందు పెట్టుకుంటున్నాడట.