గడువు దాటిన పేరు

వెబ్‌సైట్లు తయారుచేసే అతనికి గురువంటూ ఎవరూ లేరు. విప్పి, మళ్ళీ బిగించి పని నేర్చుకున్నాడు. అలాంటివాడు కుట్టుమిషన్లు బాగుచేసే అక్క సైటు ఆగిపోతే, "సర్వర్ గొడవ" అని బొంకాడు.

నిజానికి డొమైన్, అంటే సైటు పేరు, గడువు తీరిపోయింది. మామూలు రుసుముతో రెన్యూ చేసుకునే గ్రేస్ పీరియడ్ కూడా జారిపోయింది. హెచ్చరికలు ఎవరూ చూడని మెయిలుకు వెళ్ళాయి. ఆ మెయిలు అదే డొమైన్ మీద పెట్టింది తనే. ఇప్పుడు డొమైన్‌తోపాటు అదీ ఆగింది, పేర్లు అమ్మే రిజిస్ట్రార్ దగ్గరున్న అకౌంట్‌కి మరిచిపోయిన పాస్‌వర్డ్ మార్చుకునే దారీ మూసుకుంది. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది.

సిగ్గు దిగమింగుకుని దుకాణానికి వెళ్ళాడు.

"సర్వర్ ఇంకా లేవలేదా తమ్ముడూ? పక్షవాతమా?"

"సర్వర్ బాగానే ఉందక్కా. గడువు నేనే చూసుకోలేదు. మీకు అబద్ధం చెప్పాను."

"మన పేరు ఎవరైనా కొనేశారా?"

"ఇంకా లేదు. ఇప్పుడు రిడెంప్షన్ గడువులో ఉంది. పాత యజమాని తప్ప ఎవరూ తీసుకోలేరు. అదనపు రుసుము నేనే కడతాను. ఇదీ దాటితే రద్దయిపోతుంది, తర్వాత ముందు కొన్నవాళ్ళదే. డొమైన్ మీ పేరు మీదే ఉంది కాబట్టి, అకౌంట్ తెరవడానికి మీ గుర్తింపు కార్డు రిజిస్ట్రార్‌కి పంపాలి."

ఆమె నూనె చేతులు తుడుచుకుంది. "అయితే కార్డు అక్కర్లేకపోతే చెప్పేవాడివి కాదన్నమాట."

"చెప్పేవాణ్ణి కాదక్కా," అన్నాడు తల దించుకుని.

పేరు తిరిగొచ్చింది. హెచ్చరికలు ఆమె సొంత మెయిలుకు వెళ్ళేలా మార్చాడు. ఆ తర్వాత మాత్రం అతనేం చెప్పినా, ఆమె ఒకసారి కళ్ళలోకి చూసి గానీ నమ్మేది కాదు.