ఘాట్‌లో ఆగిపోయిన చుక్క

మా నాన్న నాతో అబద్ధాలు చెప్తున్నాడని నాకు తెలిసిన సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా.

ఒక సాయంత్రం స్కూల్లో పని ముగించుకుని వచ్చి చెప్పులు విప్పుతుంటే వంటింట్లో వాళ్ళిద్దరి మాటలు వినపడ్డాయి.

"గిద్దలూరు ఘాట్‌లో పోయి వచ్చినానని పాపకు చెప్పొద్దు. నంద్యాలలోనే బండలు దించినా అని చెప్పినా," అన్నాడు నాన్న.

"నిజం చెప్తే ఏమైతుందంట?"

"ఏమైతుంది? మళ్లా ఆ ఫోన్ పట్టుకోని కూర్చుంటుంది. దాని మొగం చూడలేకుండా ఉండా నేను."

నేను చెప్పులు మళ్ళీ వేసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి, అప్పుడే వచ్చినట్టు తిరిగి వచ్చాను.

నాన్న లారీ డ్రైవర్. బేతంచెర్లలో పాలిష్ పట్టిన నాపరాళ్ళు ఎక్కించుకుని నల్లమల కొండల ఘాట్ రోడ్డు దాటి అవతలి ఊళ్ళకు వేసుకెళ్తాడు. మేముండేది కల్లూరులో. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. నాన్న రోడ్డు మీద ఉండటం నాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. భయం మాత్రం ఫోన్‌తో వచ్చింది.

మొదట జిల్లా వార్తల గ్రూపులో చేరాను. తర్వాత ప్రమాదాల వీడియోలు పెట్టే ఒక పేజీ. ఒకటి చూస్తే అలాంటివే పది వచ్చేవి. బోల్తా పడిన లారీ, పగిలిన అద్దం, చుట్టూ మూగిన జనం. ఎక్కడిదో, ఎప్పటిదో రాసి ఉండేది కాదు. నాన్నది కాదని తేల్చుకోవడానికి కింద ఉన్న కామెంట్లన్నీ చదివేదాన్ని. కాదని తేలగానే గుండె కుదుటపడేది. కానీ ఆ నెమ్మది టీ చల్లారేంతసేపు కూడా నిలిచేది కాదు. మళ్ళీ వేలు తెర మీదకే పోయేది.

నాన్నను బతిమాలి లైవ్ లొకేషన్ పెట్టించుకున్నాను. మ్యాపులో నాన్న ఎక్కడున్నాడో చూపించే చుక్క కదులుతుంటే ఊపిరి ఆడేది. నల్లమలలోకి వెళ్ళగానే సిగ్నల్ పోయి చుక్క ఆగిపోయేది. సిగ్నల్ లేదని బుద్ధికి తెలుసు. చేతులకు తెలియదు, వాటికి చెమటలు పట్టేవి. అలా చుక్క ఆగిపోయి ఉన్న ఒక మధ్యాహ్నం గ్రూపులో ఒక వీడియో వచ్చింది. రోడ్డంతా విరిగిపడిన నాపరాళ్ళు. నేను నాన్నకు, లారీ ఓనరుకు, నాన్న ఫోన్‌లోంచి నంబర్లు రాసి పెట్టుకున్న డ్రైవర్లందరికీ ఫోన్లు చేశాను. ఎవరితోనూ నోరు తెరిచి మాట్లాడని నేను, ముక్కూ ముఖం తెలియని మనుషులతో ఏడ్చాను. అది పాత వీడియో. మన జిల్లాది కూడా కాదు. ఘాట్ దిగాక నాన్నకు ఫోన్ల మీద ఫోన్లు.

"ఏమప్పా, నువ్వు బతికే ఉండావా?" అని డ్రైవర్లు చాలా రోజులు ఆటపట్టించారట. నాన్న ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పాడు. లైవ్ లొకేషన్ మాత్రం ఆపేశాడు. వెళ్ళే దారి గురించి అబద్ధాలు మొదలైంది అప్పుడే.

వంటింటి మాటలు విన్న తర్వాత నాకు అర్థమైంది. వార్తలన్నీ నాకు తెలుస్తున్నాయి. మా నాన్న ఎక్కడున్నాడో మాత్రమే తెలియడం లేదు.

గుండె దడ అని అమ్మ నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఈసీజీ తీశారు, థైరాయిడ్ పరీక్ష చేశారు. రెండూ బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "పొద్దున లేవగానే మొదట ఏం చూస్తావు?" అని అడిగింది. అమ్మ చెప్పింది: "ఇంకేం చూస్తాది మేడమ్, యాడ ఎవరు సచ్చినారో చూస్తాది."

డాక్టరమ్మ నవ్వలేదు. "చూసిన ప్రతిసారీ కాసేపు నెమ్మదిగా ఉంటుంది కదా? ఆ నెమ్మది కోసమే మళ్ళీ చూస్తావు. అలా చూసేకొద్దీ భయం పెరుగుతుంది. వార్తలు మొత్తం మానెయ్యమనను, మానలేవు కూడా. వాటికి రోజులో ఒక టైము పెట్టుకో. మిగతా టైములో చూడాలనిపిస్తే పది నిమిషాలు ఆగి చూడు. ఆ తహతహ పెరిగి, దానంతటదే తగ్గుతుంది. నెల తర్వాత రా. అప్పటికీ ఇలాగే ఉంటే కౌన్సెలింగుకు పంపిస్తా," అంది.

ఇంటికి రాగానే ఆవేశంగా ఫోన్‌లో యాప్‌లన్నీ తీసేశాను. మర్నాడే మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చింది, స్కూల్ కబుర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. తర్వాత యాప్‌కు టైమర్ పెట్టాను. టైము అయిపోయిందని అది చెప్పగానే నేనే దాన్ని తోసేసేదాన్ని. చివరికి నిలిచినవి చిన్న పనులు. ప్రమాదాల పేజీని వదిలేశాను. వార్తల గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. కాల్స్ తప్ప ఏదీ మోగకుండా చేశాను. ఫోన్‌ను మంచం దగ్గర కాకుండా హాల్లో చార్జింగ్ పెట్టడం మొదలుపెట్టాను. వార్తలు సాయంత్రం టీ తాగుతూ ఒకసారి చూడటం, గ్లాసు కడిగేస్తే అక్కడితో సరి.

అన్నిటికంటే కష్టం చీకటి పడే వేళ. నాన్న ఎక్కువగా ఘాట్‌లో ఉండేది అప్పుడే. ఆ వేళకు అమ్మ జొన్నరొట్టెలు చేస్తుంది. ఒకరోజు పక్కన కూర్చుని నేనూ ఒక పిండి ముద్ద తీసుకున్నాను. చేతుల నిండా పిండి ఉంటే తెర మీద వేలు పెట్టలేం.

"ఇది రొట్టెనా, రాయలసీమ పటమా?" అంది అమ్మ.

"కాలితే అన్నీ ఒకటే."

"మీ నాయనకు పెడదాంలే. ఆయప్ప అన్నీ తింటాడు."

మధ్యలో తప్పిన రోజులు ఉన్నాయి. స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో పక్కవాళ్ళ ఫోన్‌లోకి తొంగిచూసిన రోజులూ ఉన్నాయి. అయినా దడ తగ్గింది. చదువుతూ మధ్యలో వదిలేసిన నవలలో గుర్తుగా పెట్టిన బస్ టికెట్టు కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది.

ఒక వాన రోజున నేను పిండి కలుపుతుంటే ఎదురింటి అక్క గుమ్మంలోంచే అరిచింది: "ఘాట్‌లో లారీ పడిందంట, వీడియో వచ్చింది చూసినావా?"

నాన్న ఆ రోజు నంద్యాల అన్నాడు. అంటే ఘాటే అయ్యుండొచ్చు. నా ఒళ్ళంతా హాల్లో ఉన్న ఫోన్ వైపు లాగింది. వీడియోలో చూస్తే ఏం తెలుస్తుంది? ఇంతకుముందు తెలిసింది ఏముంది? ఈ రొట్టె, ఇంకో రొట్టె కానిచ్చి నాన్నకే ఒక్క ఫోన్ చేద్దాం, అనుకున్నాను. అమ్మ పెనం వైపే చూస్తున్నట్టు ఉండి నన్నే గమనిస్తోంది. మొదటి రొట్టె రెండుసార్లు విరిగింది. రెండోది గుండ్రంగా వచ్చింది. చేతులు కడుక్కుని ఫోన్ చేశాను. కలవలేదు. ఫోన్ అక్కడే పెట్టి వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్నాను. ఆ వీడియో ఇప్పటికీ చూడలేదు.

తర్వాత నాన్నే చేశాడు. టైరు పంక్చర్ అయిందట. "ఆ వీడియో నువ్వూ చూసినావా?" అని భయంభయంగా అడిగాడు.

"లేదు నాయనా. రొట్టెలు చేస్తాండా."

"నువ్వా రొట్టెలు చేసేది? నాకూ ఒకటి దాచిపెట్టండి," అని పెట్టేశాడు.

నిన్న పొద్దున నాన్న బండికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగాడు. నేను స్కూల్‌కు జడ వేసుకుంటున్నాను. అమ్మ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి అన్నాడు:

"ఈ పొద్దు ఘాట్‌లో పోతాండా పాపా. ఆడ సిగ్నల్ ఉండదు. దిగినాక చేస్తా."