ఉరుకుడు తగ్గించిన వారం

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. సాంచాలు నడిపేవాళ్ళందరికీ కాళ్ళు నొస్తాయి. ఆ నొప్పి చాలదన్నట్టు పొద్దున్నే లేచి బైపాస్ మీద పరుగెత్తేవాడు మాత్రం దశరథం ఒక్కడే. నలభై ఆరేళ్ళ మనిషి. ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ తెగిన పోగులు ముడివేయడం, అయిపోయిన నూలు కండెలు మార్చడం అతని పని. "దినమంత కార్ఖానల నడుసుడు సాల్తలేదా?" అని తోటివాళ్ళు వెక్కిరిస్తే నవ్వి ఊరుకుంటాడు.

షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ నడవమన్నాడు. నడక మెల్లగా పరుగైంది. పరుగు పిచ్చయింది. పిచ్చి ముదిరి కిందటేడు హైదరాబాద్ మారథాన్‌కు తీసుకెళ్ళింది. ముప్పై రెండో కిలోమీటరు దగ్గర కాళ్ళు మొండికేశాయి. ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. వెనకపడ్డవాళ్ళను ఎక్కించుకునే బస్సులో తిరిగొచ్చాడు. ఆ బస్సు ఎక్కిన సిగ్గు ఏడాదైనా పోలేదు. ఈసారి ఎలాగైనా ముగింపు గీత దాటాలి. అతనికి కావలసింది అంతే.

తప్పెక్కడ జరిగిందో కరీంనగర్‌లోని ఉపేందర్‌రావు సార్ చెప్పాడు. ఆయన రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆదివారాలు మానేరు డ్యాం కట్ట మీద ఓ పదిమందిని పరుగెత్తిస్తాడు. చొప్పదండి దగ్గర నాలుగెకరాల పొలం ఉంది. దశరథం పోటీకి రెండు రోజుల ముందు దాకా రోజూ దంచి ఉరికాడని విని తల పట్టుకున్నాడు. "వరి కోసే ముందు మడికి నీళ్ళు ఆపుతరా లేదా? గట్లనే ఆఖరి రెండు వారాలు ఉరుకుడు తగ్గియ్యాలె. పెయ్యి పాత అలసట తీర్సుకుంటది. తిన్నదాన్ని కండలల్ల దాసుకుంటది. అప్పుడప్పుడు జర జోరుగ ఉరుకు, కాని దూరం సగానికి సగం కొయ్యి."

అంతటితో ఆగక గుండె దెబ్బలు లెక్కపెట్టే తన ఛాతీ పట్టీ కూడా ఇచ్చాడు. పొద్దున మెలకువ రాగానే, లేవకముందే, పడుకుని ఉండగానే దాన్ని కట్టుకోవాలి. ఫోన్‌లో రెండు అంకెలు వస్తాయి. ఒకటి నాడి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో. రెండోది, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధిలో ఎంత తేడా ఉందో. ఆ రెండోదాని సంగతి సార్ మొదలుపెట్టేసరికి సిరిసిల్ల బస్సు కదిలింది. మిగతాది దశరథం తనే ఊహించుకున్నాడు. కొంప మునిగింది అక్కడే.

పోటీకి ముందు ఆఖరి వారం, సోమవారం. నాడి ఎప్పుడూ యాభై రెండు, ఆ రోజు నలభై తొమ్మిది. బాగుంది. కానీ ఎప్పుడూ నలభై దగ్గరుండే తేడా యాభై దాటింది. దశరథం హడలిపోయాడు. నేతగాడి లెక్కలో తేడా అంటే దోషం. సాంచా దెబ్బ ఒక్కతీరుగా పడాలి. తప్పిందా, గుడ్డలో గీత పడుతుంది, సేటు దాన్ని పక్కన పడేస్తాడు. పైగా కాళ్ళు బరువుగా ఉన్నాయి. ఎన్నడూ నొప్పి ఎరగని మోకాలు సలుపుతోంది. కూర్చోబెట్టేసరికి ఒళ్ళు ఖరాబవుతోందని తీర్మానించుకున్నాడు.

ఉరకొద్దని సార్ మాట. పని చేయొద్దని అనలేదు కదా! తోటి పనివాడు అంబదాస్ చుట్టాల పెళ్ళికని ఊరెళితే, మంగళవారం, బుధవారం అతని సాంచాలు కూడా దశరథమే పట్టాడు. పొద్దున ఎక్కితే రాత్రి దాకా నిలువుకాళ్ళ మీదే. గురువారం పొద్దున తేడా ముప్పైకి లోపు పడిపోయింది. నాడి యాభై ఎనిమిదికి ఎక్కింది. ఎక్కిన అంకెను ఉక్కపోత మీదికి నెట్టేసి, దిగిన అంకెను చూసి మురిసిపోయాడు. వెంటనే సార్‌కు ఫోన్ కొట్టాడు.

"సార్, గుండె లైన్ల వడ్డది! దెబ్బ ఒక్కతీరు కొడుతుంది."

సార్ రెండు అంకెలూ అడిగి తెలుసుకున్నాడు. "జరమొచ్చిందా? గొంతు నొస్తుందా?"

"ఏం లే సార్. మంచిగున్న."

"మరేం జేసినవ్?"

జరిగింది చెప్పాడు. సార్ తిడతాడనుకున్నాడు. ఆయన నిట్టూర్చాడు. "తప్పు నాదే, బస్సుకాడ సగం జెప్పిన. ఇను దశరథం. సాంచాకు ఒక్కతీరు మంచిది. గుండెకు గాదు. పానం నిమ్మలంగ ఉన్నప్పుడు ఊపిరి పీలిస్తే దెబ్బలు దగ్గరైతయి, ఇడిస్తే దూరమైతయి. గదే తేడా. బరువు మీద పడితే ఆ తేడా తగ్గుతది. సోమారం నీ పెయ్యి తేరుకుంటుండె, నువ్వు దాన్ని మళ్ళ మోతకు దోలినవ్. కాళ్ళ బరువు, మోకాలు సలుపుడు ఈ వారంల చానమందికి ఉండేదే. రోడ్డు మీద ఉరికినవా, కార్ఖానల నిలవడ్డవా, పెయ్యికి ఎరుకుండదు. అలసటొక్కటే ఎరుక."

దశరథం నుదురు కొట్టుకున్నాడు. చేజేతులా చెడగొట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇగ కాదా సార్?"

"ఫికర్ జెయ్యకు. శ్రమ రెండు దినాలదే. ఇయ్యాల, రేపు కార్ఖాన బంద్. తిను, పండు."

ఫోన్ స్పీకర్‌లోంచి ఆ మాటలు పక్కనే బీడీలు చుడుతున్న అతని భార్య అనసూర్య చెవిన పడ్డాయి. ఇంకేం, కాపలా మొదలైంది. దశరథం బిందె ముట్టుకుంటే, "పెట్టెయ్" అంది. గోడకు మేకు కొట్టబోతే సుత్తె లాక్కుంది. "పెండ్లయి ఇన్నేండ్లల్ల నువ్వు పగటిపూట ఒరిగింది నేను సూడలే. ఒరుగు" అని చాప పరిచి, ఇంత అన్నం ఎక్కువే పెట్టింది. నడుం వాల్చడం ఇంత కష్టమైన పనని దశరథానికి అప్పుడే తెలిసింది. మొదటి పూట దొంగతనం చేస్తున్నట్టనిపించింది. రెండో పూటకు గురక పెట్టాడు.

శనివారం పొద్దున నాడి యాభై ఒకటి, తేడా నలభై మూడు. అదే రోజు సార్‌తో కలిసి హైదరాబాద్ బస్సెక్కాడు. ఆదివారం లాడ్జిలో లేచి చూస్తే మళ్ళీ నాడి పెరిగింది, తేడా తగ్గింది. ముఖం పాలిపోయింది.

సార్ పట్టీ విప్పించి తన సంచిలో వేసుకున్నాడు. "ఇది అలసట కాదు, పోటీ రందితోని. రాత్రి నీకు నిద్ర పట్టలే, నాక్కూడ పట్టలే. ఒక్క దినం అంకె పట్టుకొని ఏం తేల్సద్దు, నాలుగు దినాలు కలిపి సూడాలె. పో, మెల్లగ మొదలువెట్టు."

మెల్లగానే మొదలుపెట్టాడు. చాలామంది దాటిపోతుంటే పోనిచ్చాడు. కిందటేడు కూలబడ్డ ఫుట్‌పాత్ వచ్చింది. కాళ్ళు నొస్తున్నాయి, అబద్ధం ఎందుకు. కానీ వంగుతున్నాయి, లేస్తున్నాయి, మాట వింటున్నాయి. వెనక బస్సు వస్తోందేమోనని ఒకసారి తిరిగి చూశాడు. ఎక్కడా లేదు. ఎదుటి ఫ్లైఓవర్ మీద కొందరు నడుస్తున్నారు. అతను పరుగెత్తే ఎక్కాడు.

గీత దాటాక మెడలో పతకం వేశారు. ఒక అరటిపండు ఇచ్చారు. నీడలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తీ ఎత్తకముందే అనసూర్య, "ఏమయ్యా, అయిందా? కాళ్ళున్నయా?" అంది.

కార్ఖానా నుంచి వచ్చిన ఏ సాయంత్రమూ ఒంట్లో చిటికెడు సత్తువ ఉండగా గడప ఎక్కిన గుర్తు లేదతనికి. ఉన్నదంతా పనికి పోయడమే తప్ప, కొంత దాచుకోవచ్చని ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. అందుకే తన కాళ్ళకేసి ఒకసారి చూసుకుని జవాబు చెప్పాడు.

"అయింది అనసూర్యా. ఇంకా జర మిగిలింది."