డిక్కీలో ఎర్ర గోళ్లరంగు

తిరుపతిలో నాకు కార్లకు టేపులు, స్పీకర్లు బిగించే చిన్న అంగడి ఉన్న రోజులవి. చిత్తూరు నుంచి ఒకాయన తన కొత్త ఎర్ర కారుకు ఆంప్లిఫయర్ పెట్టించుకోని పోయి, వారం తిరక్కుండానే మళ్లా వచ్చినాడు.

"పాటెనకాల ఈల వస్తాదప్పా. యాక్సిలేటర్ తొక్కేకొద్దీ పెద్దదవతాది," అన్నాడు.

నాకు తల తిరిగిపోయింది. నా పనిలో తప్పు యాడుండాది? బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టినా. లావు కరెంటు వైరు ఒక పక్క, పాటొచ్చే వైర్లు ఇంకో పక్క లాగినా. ఆంప్లిఫయర్‌లో సౌండు పెంచే గెయిన్ మర కూడా పాట పగలకుండా ఉండేంత వరకే తిప్పినా. దాన్ని ఇంకా తగ్గించినా ఈల పోలేదు. టేపు మార్చినా పోలేదు. ఇంజను ఆపితే నిశ్శబ్దం, స్టార్ట్ చేస్తే మళ్లా అదే ఈల. నా చేతుల మీద నాకే కోపమొచ్చింది.

చివరికి డిక్కీలో ఆంప్లిఫయర్ ఎర్తు వైరును బండి ఇనుముకు పట్టించే బోల్టు ఊడదీసినా. రంగంతా గీకి, ఉత్త ఇనుము తేలినాక నేను వైరు బిగించిన చోటది. ఇప్పుడు ఆడ ఎర్రగా, నున్నగా మెరస్తా ఉండాది. మధ్యలో రంగు పొరుంటే ఎర్తు ఎట్ల అందుతాది? ఎర్తు అందకుంటే ఇంజను మోత పాటలోకి దూరి ఈలేస్తాది.

"ఎవరు పూసినారు సామీ దీన్ని?"

"నేనే. కొత్త బండి, గీకిన చోట తుప్పు పడతాదని బోల్టు తీసి మా ఇంటామె గోళ్లరంగు పూసినా."

మళ్లా గీకి, గట్టిగా బిగించినా. ఈల ఆగిపోయింది.

"పూస్తే బిగించినాక పైన పూయల్ల, కింద కాదు!" అని కసిరినా.

ఆయన జేబులోంచి గోళ్లరంగు సీసా తీసి, మూత తిప్పినాడు.