రెండు మూలల కాంక్రీటు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ మిల్లీమీటరు గారనే పిలుస్తారు. టీ కప్పు కూడా బల్ల అంచుకు సమానంగా పెట్టే మనిషి. పెన్సిలు అరువిస్తే, తిరిగి తీసుకునేటప్పుడు ఎంత అరిగిందో చూసుకుంటారు. రోడ్లకీ కాలువలకీ సరుకు ఎంత కావాలో లెక్క కట్టేది ఆయన, ఆ లెక్క పట్టుకుని కాంక్రీటు లారీలకు ఫోన్లు చేసేది నేను. ఆయన వేసిన అంకెను ఎవరూ రెండోసారి చూసేవారు కాదు. అదే కొంప ముంచింది.

ఓ సందులో నూట ఇరవై మీటర్ల సైడు కాలువ పని వచ్చింది. U ఆకారం. లోపల నలభై ఐదు సెంటీమీటర్ల వెడల్పు, అరవై లోతు, అడుగుకీ రెండు గోడలకీ పదిహేను మందం. రోడ్డు వైపు గోడ మీద మీటరుకొక కర్బు రాయి, అదే రోడ్డు అంచు రాయి. పని చేసే మేస్త్రి మిల్లీమీటరు గారి సొంత బావమరిది. ఆయన లెక్క కట్టి చెప్పిన ముప్పై క్యూబిక్ మీటర్లు ఐదు లారీల్లో పంపించాను. చివరి లారీ ఖాళీ అయ్యేసరికి కాలువ నూట రెండో మీటరు దగ్గర ఆగిపోయింది. తర్వాత, తెప్పించిన నూట ఇరవై కర్బు రాళ్లలో పేర్చగా పద్దెనిమిది మిగిలాయి.

రాళ్ల లెక్క సరిపోయింది కాబట్టి పొడవులో తేడా లేదని తేలింది. మరి కాంక్రీటు ఎక్కడికి పోయింది? మా యజమాని క్షణం కూడా ఆలోచించలేదు.

"మట్టి ఎక్కువ లోతు తవ్వేసి, అడుగు మందంగా పోసుంటావు. చెయ్యి అదుపు తప్పుతోందయ్యా నీకు," అన్నాడు అందరి ముందూ.

మేస్త్రి తాపీ కింద పెట్టేశాడు. బావ లెక్క తప్పదని అతనికి మా అందరికంటే గట్టి నమ్మకం. తప్పు తన చేతిదే అనుకున్నాడు.

ఆ సాయంత్రం మిల్లీమీటరు గారు ఓ కాగితం మీద U గీయడం, చెరపడం, మళ్లీ గీయడం చూశాను.

"ఏమైంది?" అన్నాను.

"కాలువ అడుగుకి బయటి వెడల్పు డెబ్బై ఐదు వెయ్యాలి. నేను లోపలి నలభై ఐదు వేశానమ్మా. గోడల కింద రెండు మూలలూ వదిలేశాను. మీటరుకి సున్నా పాయింట్ రెండు తొమ్మిది రెండు ఐదు క్యూబిక్ మీటర్లు రావాలి. నేను సున్నా పాయింట్ రెండు నాలుగు ఏడు ఐదే ఇచ్చాను."

అంటే మీటరుకు మూడు నాలుగు తట్టల కాంక్రీటు తక్కువ. పసిపిల్లలు చేసే తప్పు కాదిది. రోజూ ఈ పనే చేసే చెయ్యి, చూడకుండా చేసే తప్పు.

"రేపు చెప్తాను," అన్నారు. ఆ రేపు రాలేదు. పొద్దున్నే గొంతు సవరించుకోవడం, యజమాని గది గుమ్మం దాకా వెళ్లడం, నీళ్లు తాగి తిరిగొచ్చి కూర్చోవడం. పాపం అనిపించేది. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండేది. ఆయనకు ఇంట్లో అన్నం సహించడం లేదట. భార్య ఎదురుగా కూర్చుని, "మా తమ్ముడు తాపీ ముట్టుకోవడం లేదండీ. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. చూపు బాగానే ఉందన్నారట, అయినా చెయ్యి పోయిందంటాడు," అని ఏడిస్తే ముద్ద ఎలా దిగుతుంది?

"ఇవాళ మీరు చెప్పకపోతే నేను చెప్తాను," అన్నాను, మిగిలిన పద్దెనిమిది మీటర్లకు లారీ వెళ్లే రోజున.

ఇద్దరం సందుకు వెళ్లాం. మేస్త్రి పక్కన నిలబడి ఉన్నాడు, తాపీ మరొకరి చేతిలో ఉంది. యజమానీ అక్కడే ఉన్నాడు. మిల్లీమీటరు గారు గట్టిగానే అన్నారు.

"కాంక్రీటు తగ్గింది నా వల్ల. లెక్క నేనే తప్పు వేశాను."

మేస్త్రి నవ్వాడు. "ఊరుకో బావా. నా మీద జాలితో నీ నెత్తిన వేసుకోకు. నీ లెక్క తప్పడమేంటి?"

ఇరవై ఏళ్ల మంచి పేరు ఆయన నిజానికే అడ్డం పడింది. చేసేది లేక సుద్దముక్క తీసి, కర్బు రాయి మీద U గీశారు. అడుగున రెండు మూలలు నింపి చూపించారు. "ఇవి నేను లెక్కలో వేసుకోలేదురా. నువ్వు పోసినదంతా సరిగ్గానే పోశావు."

మేస్త్రి వంగి ఆ మూలల్ని వేలితో తడిమాడు. యజమాని దగ్గి, ఫోను వచ్చినట్టు పక్కకు వెళ్లాడు.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

ఇవాళే అనవచ్చు. అనలేదు, ఆ మాత్రం ఆయన గురించి చెప్పుకోవాలి.

"ఆ రోజు సాయంత్రమే."

మేస్త్రి తల ఊపాడు. వెళ్లి తాపీ అందుకున్నాడు. కాలువ పక్కన వంగుతూ, తలెత్తకుండానే అన్నాడు:

"కాస్త పక్కకి జరగండి సార్. పని ఉంది."

మిల్లీమీటరు గారు జరిగారు.