ఆది రవిక

పెళ్ళయిన కొత్తలో కుట్టించిన రవిక ఒకటి నా పెట్టె అడుగున ఉండేది. కొత్తది కుట్టించాల్సి వచ్చినప్పుడల్లా కొలతకు దాన్నే ఇచ్చి పంపేదాన్ని. అదే నా ఆది. ఇందుకూరుపేటలో టైలరు దగ్గరికి తీసుకెళ్ళేది మా ఆయన. ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా కొత్త రవికలు చక్కగా సరిపోయేవి. పొట్ట జారిన సంగతి, చేతులు నిండిన సంగతి నాకు తెలియక కాదు. అయినా "నా ఆది మారలేదు" అని తోడికోడలి దగ్గర గొప్పలు పోయేదాన్ని.

పందొమ్మిదివందల అరవైల్లో ఒక ఏడు నాట్ల పనిలో ఆయనకు తీరిక లేక నేనే వెళ్ళి గుడ్డ ఇచ్చి వచ్చాను. తెచ్చుకున్న రవిక చెయ్యి మోచేయి దాటి పైకి ఎక్కలేదు. ఒళ్ళు మండి మళ్ళీ అంగడికి పోయాను.

"బంగారం లాంటి గుడ్డ పాడు చేసినావు గదయ్యా!"

"ఆది ప్రకారమే కుట్టినానక్కా. అన్న వచ్చినప్పుడల్లా చేతులూ నడుమూ రెండేసి అంగుళాలు వదులు పెట్టమంటాడు. ఈసారి ఎవురూ చెప్పలా."

బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నా తల కొట్టేసినట్టయింది. నా కొలత మారిన సంగతి బజారుకు తెలుసు, నాకే తెలియనివ్వలేదు.

ఆయన వరి కయ్య నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే రవిక ఎదుట పడేశాను.

"ఎన్నాళ్ళ నుంచి ఈ మోసం?"

"రెండో కాన్పు కాడ్నించి. నొచ్చుకుంటావని చెప్పలేదే."

"నొచ్చుకుంటానని నా దగ్గర దాచి, ఊరికి చెప్పినారా? మీరు మంచం వసారాలో వేసుకునింది కూడా నా ఒళ్ళు మారిందనేనా? ఉక్కపోత అంటే నమ్మినాను!"

ఆయన కింద పడిన రవిక తీసి దులిపాడు. "చెయ్యేస్తే పొట్ట మీద కొంగు లాక్కుంటావు. నేనంటే వెగటు పుట్టిందనుకున్నా."

సిగ్గుతో కప్పుకున్నానని ఎలా చెప్పను? చెప్పాను చివరికి, ఏడుస్తూనే. "నా ఒళ్ళు గురించి ఏదైనా ఉంటే నాకే చెప్పండి, మనిద్దరమే ఉన్నప్పుడు. పెళ్ళినాటి నాతో పోల్చొద్దు. కప్పుకుంటే ఎందుకని అడగండి, మీకు మీరే అనుకోవద్దు."

"అయితే అడుగుతుండా. ఈ రవిక ఎక్కడ పట్టింది?"

"చేతుల దగ్గర. నడుం కూడా చాలదు."

"లావైనావు, నిజమే. నీ మీద ఇష్టం మాత్రం తగ్గలా. మెట్టెక్కితే మోకాలు పట్టుకుంటుండావే, దానికే నా భయం. నొస్తుందా?"

లావైనావన్న మాట గుచ్చుకుంది. కానీ నా మొహం చూస్తూ చెప్పాడు, మోకాలి నొప్పి అడిగాడు. అంగట్లో నవ్వు ముందు అదెంత!

ఆ వారంలోనే మంచం లోపలికి వచ్చింది. నేను కొంగు లాక్కోవడం మానడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. పెట్టెలోని ఆది కుట్లు విప్పి పిల్లకు పావడా అంచు వేశాను. ఆ తర్వాత టైలరు దగ్గరికి నేనే వెళ్ళి కొలతలు ఇచ్చుకున్నాను. ఆయన మాత్రం సైకిలు తీసి ఇందుకూరుపేట బయలుదేరితే చాలు, ఎన్నేళ్ళయినా నా నోట అదే మాట వచ్చేది. "అక్కడ నా గురించి ఏమీ చెప్పబాకండి."